బిల్లు మార్చి ఇవ్వమంటే సరిపోదు

ఆఫీసు పని మీద ఊరెళ్ళొచ్చాక హోటలు బిల్లు పెడితే, "కంపెనీ జీఎస్టీ నంబరు తప్పు పడింది, మార్పించుకు రండి" అని ఫైనాన్సు వాళ్ళు వెనక్కి కొట్టడం మనలో చాలామందికి అనుభవమే. అప్పుడు మనం చేసేది ఒకటే, విసుక్కోవడం. ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అని నేనూ చాలాసార్లు విసుక్కున్నాను. పోయినేడాది మా బావ పుణ్యమా అని ఆ అక్షరం ఖరీదు తెలిసింది. ఇరవై ఆరు వేల ఆరువందల నలభై రూపాయలు.

మా ఊరు చంద్రశేఖరపురం. ఆ పేరుతో అడిగితే బస్సు కండక్టరు కూడా ఓ క్షణం ఆలోచిస్తాడు, సి.ఎస్.పురం అనాలి. మార్కాపురం, కనిగిరి వైపు పల్లెల్లో వాన ఎంత పడుతుందో, బోర్లు ఎంత లోతుకి పోతాయో మీకు తెలిసే ఉంటుంది. మా బావ (అక్క మొగుడు, మేనబావే) అక్కడ మోటార్లు, కేసింగు పైపులు, ఫిట్టింగులు అమ్మే కొట్టు నడుపుతాడు. కాంపొజిషన్ కాదు, రెగ్యులర్ రిజిస్ట్రేషనే. నెలనెలా రిటర్నులు వేయడానికి కనిగిరిలో ఒక ఆడిటరు గారున్నారు.

2025 జూలై ఆఖరులో బావ ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర పీవీసీ పైపులు దించుకున్నాడు. సరుకు విలువ 1,48,000. దాని మీద 18 శాతం చొప్పున సీజీఎస్టీ 13,320, ఎస్‌జీఎస్టీ 13,320, అన్నీ కలిపి బిల్లు 1,74,640. డబ్బులు వెంటనే బ్యాంకులో వేసేశాడు. ఆగస్టు 15 సెలవు రోజున నేను ఇంట్లో ఉండగా ఫోను.

"ఏంద్రా ఇది, ఆ పైపుల బిల్లుకి ఇన్‌పుట్ పళ్ళేదంట. ఆడిటరు గారు ఇరవై ఆరు వేలు చేతి నించి కట్టాలంటున్నాడు. బిల్లేమో నా చేతిలోనే ఉంది!"

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బావ సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని, అమ్మినప్పుడు తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. దాన్నే కొట్టు భాషలో ఇన్‌పుట్ అంటారు. ఒకప్పుడు చేతిలో బిల్లుంటే చాలు, అది వాడుకోవచ్చు. 2022 జనవరి నుంచి చట్టంలో ఇంకో షరతు చేరింది. అమ్మినవాడు ఆ బిల్లుని తన GSTR-1 లో ఎక్కించాలి, అది కొన్నవాడి GSTR-2B లో కనపడాలి. నెలవారీ వేసేవాళ్ళకి GSTR-1 గడువు తర్వాతి నెల 11, GSTR-2B తయారయ్యేది 14న, పన్ను కట్టే GSTR-3B గడువు 20. అంటే బావకి విషయం తెలిసేది 14న, డబ్బు కట్టాల్సింది 20న. మధ్యలో ఆరు రోజులు.

బిల్లు ఫోటో తీసి పంపమన్నాను. కొట్టు పేరు సరిగానే ఉంది. మొత్తాలు సరిగానే ఉన్నాయి. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు మాత్రం బావది కాదు.

ఇక్కడ నాలోని ప్రోగ్రామరు నిద్ర లేచాడు. టైపు చేసేటప్పుడు ఏదో అక్షరం తప్పు పడుంటుందిలే అనుకుంటాం ఎవరమైనా. కానీ ఆ నంబరు అంత తేలిగ్గా తప్పు పడనిచ్చే నంబరు కాదు. మొదటి రెండంకెలు రాష్ట్రం (ఆంధ్రకి 37, తెలంగాణకి 36), తర్వాత పది అక్షరాలు పాన్ నంబరు, తర్వాత ఆ పాన్ మీద ఆ రాష్ట్రంలో ఇది ఎన్నో రిజిస్ట్రేషనో చెప్పే అక్షరం, ఆపైన మామూలుగా Z, ఆఖర్న ఒక చెక్ అక్షరం. ఆ చెక్ అక్షరం లెక్క ఇంతే:

```python
S = "0123456789ABCDEFGHIJKLMNOPQRSTUVWXYZ"

def ok(g):
    t = 0
    for i, c in enumerate(g[:14]):
        p = S.index(c) * (1 + i % 2)
        t += p // 36 + p % 36
    return S[-t % 36] == g[14]
```

మన క్రెడిట్ కార్డు నంబరు వెనకున్న లెక్కకి ఇది అన్న లాంటిది, పదంకెల బదులు ముప్ఫై ఆరు గుర్తుల మీద నడుస్తుంది. ఒక అక్షరం మాత్రమే తప్పు పడితే ఖచ్చితంగా దొరికిపోతుంది. పక్కపక్క అక్షరాలు రెండు తారుమారైనా దొరుకుతుంది, సున్నా, Z పక్కపక్కనే పడి తారుమారైతే తప్ప. (కాగితం మీద వేసి చూశాను, సరదాగా ఉంటుంది, మీరూ ప్రయత్నించండి.) కాబట్టి వేలు జారి పడిన తప్పుని పోర్టలు లోపలికే రానివ్వదు.

బావ బిల్లు మీది నంబరు మాత్రం ఈ పరీక్ష శుభ్రంగా పాసైంది! అంటే అది తప్పు నంబరు కాదు, ఇంకొకరి ఒప్పు నంబరు. gst.gov.in లో లాగిన్ అవసరం లేకుండానే ఏ నంబరైనా కొట్టి అది ఎవరిదో చూడొచ్చు. చూస్తే, అచ్చంగా బావ కొట్టు పేరే, ఊరు మాత్రం వేరు. మన ఊళ్ళలో కొట్ల పేర్లు ఎలా ఉంటాయో చెప్పాలా? ఇంటి దేవుడి పేరు, వెనకాల ట్రేడర్స్. ఆ హోల్‌సేల్ కొట్లో గుమాస్తా బిల్లింగు సాఫ్ట్‌వేరులో పేరు మొదటి నాలుగక్షరాలు కొట్టాడు, కింద రెండు పేర్లు వచ్చాయి, పైదాన్ని నొక్కాడు. అంతే జరిగింది.

బావ హోల్‌సేల్ కొట్టుకి ఫోను చేశాడు. అవతలివాళ్ళు మర్యాదస్తులే. "అయ్యో, దానిదేముంది అన్నా, నంబరు మార్చి వేరే బిల్లు కొట్టి వాట్సాప్‌లో పెడతాం" అన్నారు. అరగంటలో పెట్టారు కూడా. అదే బిల్లు నంబరు, అదే తేదీ, జీఎస్టీ నంబరు మాత్రం బావది. పైన 'రివైజ్డ్' అని ముద్ర. బావ సంతోషించాడు. ఆడిటరు గారు చూసి, ఇది చిత్తు కాగితంతో సమానం అన్నాడట. బావకి ఒళ్ళు మండింది. నాకు మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఇలాంటి తప్పు జరిగినప్పుడు మనం అడిగేది కాగితం. మనకి కావలసింది కాగితం కాదు, అవతలివాడి రిటర్నులో ఒక వరుస. గుమాస్తా తన కంప్యూటర్లో బిల్లు దిద్ది మళ్ళీ ప్రింటు తీసినా, 11వ తేదీనే దాఖలైపోయిన GSTR-1 లో పాత నంబరే ఉంటుంది. బావ GSTR-2B అక్కణ్ణించి వస్తుంది తప్ప వాట్సాప్ నుంచి రాదు. పైగా ఇప్పుడు ఒకే బిల్లు నంబరు మీద రెండు రకాల కాగితాలు లోకంలో తిరుగుతున్నాయి. రేపు ఎవరైనా అధికారి రెంటినీ పక్కపక్కన పెడితే సంజాయిషీ ఇవ్వాల్సింది మనమే.

అసలు 'రివైజ్డ్ ఇన్వాయిస్' అనే మాట జీఎస్టీ చట్టంలో లేకపోలేదు. 31వ సెక్షన్లో ఉంది, కానీ అది వేరే సందర్భానికి. కొత్తగా రిజిస్ట్రేషను తీసుకున్నవాడు, రిజిస్ట్రేషను అమల్లోకి వచ్చిన రోజుకీ సర్టిఫికెట్టు చేతికొచ్చిన రోజుకీ మధ్య ఇచ్చిన బిల్లుల్ని నెలలోపు మార్చి ఇవ్వడానికి పెట్టిన వెసులుబాటది. గుమాస్తా తప్పు నొక్కుడికి కాదు. మనం 'రివైజ్డ్ బిల్లు' అడుగుతున్నంతకాలం అవతలివాడు కాగితమే ఇస్తాడు, వాడి తప్పేం లేదు, మనం అడిగిందదేగా.

మరి ఏమడగాలి? నంబరు తప్పు పడితే, అమ్మినవాడు తర్వాతి నెల GSTR-1 లో 9A పట్టికలోకి వెళ్ళి, పాత బిల్లుని పిలిచి, అందులో కొన్నవాడి నంబరు మార్చాలి. సవరణ అంటే అది. 2024 జూలై నెల రిటర్నుల నుంచి GSTR-1A అని ఒకటి వచ్చింది, అదే నెలకి GSTR-3B వేసేలోపు GSTR-1 ని దిద్దుకోవడానికి. నేను అది చూసి, ఇంకా 20వ తేదీ రాలేదు కదా, పని అయిపోయింది అనుకున్నాను. కాలేదు. దాంట్లో మొత్తాలు దిద్దుకోవచ్చుగానీ కొన్నవాడి నంబరు మార్చనివ్వదు. అందుకు తర్వాతి నెల GSTR-1 దాకా ఆగాల్సిందే.

ఇంకోటుంది. హోల్‌సేల్ వ్యాపారి ఈ-ఇన్వాయిస్ కిందికి వచ్చేవాడైతే (అయిదు కోట్ల టర్నోవరు దాటినవాళ్ళకి 2023 ఆగస్టు నుంచి తప్పనిసరి), బిల్లు మీద క్యూఆర్ కోడు, ఐఆర్‌ఎన్ ఉంటాయి. దాన్ని రద్దు చేసుకోవడానికి ఇరవై నాలుగు గంటలే టైము. ఆ లోపు రద్దు చేస్తే కొత్త బిల్లు వేరే నంబరుతో కొట్టాలి, రద్దయిన నంబరు మళ్ళీ పనికిరాదు. ఆ గంటలు దాటితే ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో చేసేదేమీ లేదు, మళ్ళీ GSTR-1 సవరణే. బావ బిల్లు మీద ఐఆర్‌ఎన్ ఉంది. లారీ వచ్చిన రోజు సాయంత్రం ఆ పదిహేను అక్షరాలూ చూసుకుని ఉంటే ఒక్క ఫోనుతో పోయేది. పైపులు లెక్కపెట్టుకున్నాడు, పగిలినవి ఉన్నాయేమో చూసుకున్నాడు, బిల్లుని మేకుకి గుచ్చాడు. ఎవరమైనా అంతే చేస్తాం.

ఈలోగా ఆ పక్కూరి కొట్టాయన సంగతి. కొనని పైపుల బిల్లు ఆయన ఖాతాలో పడింది. 2024 అక్టోబరు నుంచి పోర్టల్లో ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టం అని ఒక తెర ఉంది. వచ్చిన ప్రతి బిల్లునీ అందులో ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, పెండింగులో పెట్టొచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆయన ఏమీ చేయలేదు, మన జనం ఎంతమంది ఆ తెర తీసి చూస్తారు గనక. అంటే బావకి రావాల్సిన 26,640 ఇన్‌పుట్ ఆయనకి వెళ్ళింది. వాడుకుంటే, తను కొనని సరుకు మీద ఇన్‌పుట్ వాడుకున్నాడని రేపు నోటీసొచ్చేది ఆయనకే. బావ ఆయనకి ఫోను చేసి చెప్పాడు. పాపం ఆయన బెదిరిపోయి, "మాకొద్దయ్యా, మేం ముట్టుకోం" అన్నాడట. వాడుకోకుండా ఆగాడు. ఇది మర్చిపోకూడని ఫోను. మన పని అవడానికి మాత్రమే కాదు, సంబంధం లేని ఇంకో మనిషి ఇరుక్కోకుండా ఉండటానికి కూడా.

హోల్‌సేల్ వాళ్ళకి ఈసారి ఫోను కాకుండా రాతపూర్వకంగా, మెయిల్లో పెట్టించాను. ఇదిగో దాదాపు ఇలా:

"అయ్యా, మీరు ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు బిల్లులో (సరుకు విలువ రూ. 1,48,000, సీజీఎస్టీ 13,320, ఎస్‌జీఎస్టీ 13,320) మా జీఎస్టీ నంబరుకి బదులు వేరే నంబరు పడింది. పడిన నంబరు ఇది, మా సరైన నంబరు ఇది. సరుకు మాకే చేరింది, డబ్బు మా ఖాతా నుంచే ఫలానా రోజున మీకు చేరింది. దయచేసి మీ ఆగస్టు నెల GSTR-1 లో 9A పట్టిక ద్వారా ఈ బిల్లుని మా నంబరుకి సవరించగలరు. అదే సరుకుకి వేరే నంబరుతో కొత్త బిల్లు వేయవద్దని మనవి. రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు, డబ్బు చెల్లించిన రసీదు జతచేస్తున్నాం."

పెద్ద సాహిత్యమేం కాదు. కానీ ఇందులో గుమాస్తా ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు, చూసి చేయడమే. బగ్ రిపోర్టులో 'పని చెయ్యట్లేదు' అని రాసేవాణ్ణి మనం ఎలా తిట్టుకుంటామో గుర్తు తెచ్చుకోండి. బావ మొదటి ఫోనులో చెప్పింది సరిగ్గా అదే, 'బిల్లు తప్పుంది'. ఏది తప్పు, ఏది ఒప్పు, ఏ నెల రిటర్నులో, ఏ పట్టికలో అని చెప్పాకే పని కదిలింది.

కొత్త బిల్లు వద్దని ఎందుకన్నామంటే, పాతది అలాగే ఉండి కొత్తది పడితే ఒకే సరుకుకి అమ్మినవాడు రెండుసార్లు పన్ను కట్టాలి. అప్పుడు పాతదానికి క్రెడిట్ నోట్ వేయాలి, అదీ ఆ పక్కూరాయన నంబరు మీద. ఆ దారిలోనూ వెళ్ళొచ్చు, కానీ ముగ్గురు మనుషులు మూడు చోట్ల సరిగ్గా చేయాలి. 9A దారిలో ఒక్కడు ఒక్కచోట చేస్తే చాలు.

ఆగస్టు 20న బావ ఆ 26,640 చేతి డబ్బే కట్టాడు. వేరే దారి లేదు. GSTR-2B లో లేని ఇన్‌పుట్ వాడితే తర్వాత వడ్డీతో సహా వెనక్కి కట్టాల్సొస్తుంది. సెప్టెంబరు 14న చూస్తే సవరించిన బిల్లు బావ ఖాతాలో పడింది, ఆ నెల పన్నులో తగ్గించుకున్నాడు. అసలు నష్టమేమీ లేదు, నెల రోజులు డబ్బు ఇరుక్కుంది, అంతే. పట్నంలో కూర్చున్న నాకు అది 'అంతే'. ఖరీఫ్ మొదట్లో రైతులకి అప్పు మీద మోటార్లిచ్చి, పంట వచ్చేదాకా ఎదురుచూసే కొట్టుకి ఆ నెల రోజులు 'అంతే' కాదు.

మొత్తాలు తప్పు పడితే కథ వేరు. అది కూడా బావ పుణ్యమే, అదే కొట్టు, 2025 నవంబరు. ఒక్కోటి 1,580 చొప్పున మాట్లాడుకున్న కేసింగు పైపులు నలభై. బిల్లులో 1,850 పడింది. అయిదూ ఎనిమిదీ తారుమారు. జీఎస్టీ నంబరుకైతే చెక్ అక్షరం ఉంది, ధరకి లేదుగా! 63,200 ఉండాల్సిన సరుకు విలువ 74,000 అయింది. తేడా 10,800, దాని మీద పన్ను 1,944, కలిపి 12,744.

ఈ తప్పుకి చట్టం చెప్పిన మందు 34వ సెక్షను. ఎక్కువ వేస్తే అమ్మినవాడు క్రెడిట్ నోట్ ఇవ్వాలి, తక్కువ వేస్తే డెబిట్ నోట్ ఇవ్వాలి. రెండూ అమ్మినవాడే ఇవ్వాలి. మన కొట్లలో కొన్నవాడు తన పుస్తకాల్లో 'డెబిట్ నోట్' రాసుకుని, దాని కాపీ అవతలికి పంపి, పని అయిపోయిందనుకుంటాడు. అది లెక్కల పుస్తకం సంగతి, జీఎస్టీ దృష్టిలో ఆ కాగితానికి విలువ లేదు. అవతలివాడు 10,800 మీద 1,944 పన్ను చూపిస్తూ, ఏ బిల్లుకో నంబరు వేసి, క్రెడిట్ నోట్ ఇచ్చి తన GSTR-1 లో ఎక్కించాలి. పాత బిల్లు పాత బిల్లుగానే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే హిస్టరీ చెరిపెయ్యడం కాదు, `git revert`. తప్పూ కనపడుతుంది, దిద్దుబాటూ కనపడుతుంది. ఈ ఒక్క విషయంలో జీఎస్టీని రాసినవాళ్ళతో నాకు పేచీ లేదు.

ఇందులో బావ చేయాల్సిందీ ఉంది. బిల్లులో ఉన్న 13,320 ఇన్‌పుట్ అప్పటికే వాడుకుని ఉంటే, ఎక్కువైన 1,944 ని వెనక్కి తిప్పాలి. 2025 ఫైనాన్సు చట్టంతో ఇది మరీ గట్టిపడింది. కొన్నవాడు ఇన్‌పుట్ తిప్పితేనే అమ్మినవాడు తన పన్ను తగ్గించుకోగలడు. కాబట్టి క్రెడిట్ నోట్ అడిగేటప్పుడే, "మా వైపు 1,944 తిప్పుతాం, నోటు రాగానే పోర్టల్లో ఒప్పుకుంటాం" అని ఒక వాక్యం రాస్తే అవతలి ఆడిటరు భయపడకుండా సంతకం పెడతాడు. చాలా క్రెడిట్ నోట్లు ఆగిపోయేది దురుద్దేశంతో కాదు, ఈ భయంతోనే అని మా ఆడిటరు గారి అనుభవం.

అలాగని ప్రతి చిన్న తప్పుకీ ఉత్తరాలు రాయక్కర్లేదు. వీధి పేరు తప్పు, పిన్ కోడు తప్పు, పేరులో ఒక అక్షరం ఎగిరిపోవడం, వీటికి ఇన్‌పుట్ పోదు. 36వ రూల్లో స్పష్టంగా ఉంది. పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, ఇద్దరి జీఎస్టీ నంబర్లు, రాష్ట్రం దాటిన సరుకైతే అది ఏ రాష్ట్రానికి చేరిందో, ఇవి ఉంటే మిగతావి లేకపోయినా వాడుకోవచ్చు. GSTR-2B లో కనపడలేదని వెంటనే తప్పు జరిగిందనీ అనుకోకూడదు. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారి దగ్గర కొంటే, వాడు మధ్య నెలల్లో బిల్లులు ఎక్కించకపోతే, ఆ త్రైమాసికం అయ్యాకే కనపడుతుంది. ముందు వాడు నెలవారీనా కాదా అని అడిగి, తర్వాత పోట్లాడాలి.

గడువు మాత్రం గుర్తుండాలి. సవరణకైనా క్రెడిట్ నోట్‌కైనా, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా అమ్మినవాడు వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అది. 2025 జూలై బిల్లుకి 2026 నవంబరు 30. అది దాటితే పోర్టలు సవరణ తీసుకోదు. ధర తేడాకి పన్ను లేని ఉత్త క్రెడిట్ నోట్ ఇచ్చుకోవచ్చుగానీ, పన్ను పోయినట్టే.

దాటిపోయినవాళ్ళ గతేమిటి అంటే, స్టార్ ఇంజనీర్స్ అనే సంస్థ కేసుంది. వాళ్ళు బజాజ్ ఆటోకి సరుకు అమ్ముతారు, బజాజ్ చెప్పిన వేరే కంపెనీలకి దాన్ని చేరుస్తారు. GSTR-1 లో బజాజ్ నంబరు వేయాల్సిన చోట సరుకు చేరిన కంపెనీల నంబర్లు వేశారు. 2021-22 నాటి తప్పు. బజాజ్‌కి ఇన్‌పుట్ రాలేదు, ఆ మేరకు వీళ్ళ చెల్లింపుల్లో కోత పెట్టింది. తప్పు తెలిసేసరికి గడువు అయిపోయింది. బొంబాయి హైకోర్టుకి వెళ్తే, ప్రభుత్వానికి పైసా నష్టం లేనప్పుడు దిద్దుకోనివ్వడానికి అభ్యంతరమేమిటని 2023 డిసెంబరులో అనుమతిచ్చింది. బావ కథే అది, సున్నాలు ఎక్కువ, అంతే.

ఇంకోటి 2025 మార్చిలో సుప్రీంకోర్టుకి వచ్చింది, అబర్డేర్ టెక్నాలజీస్ కేసు. అక్కడా గడువు దాటిన సవరణే, అక్కడా హైకోర్టు అనుమతిచ్చింది, ప్రభుత్వం పై కోర్టుకి పోతే సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఆ సందర్భంలో అన్న మాటల సారం మనవాళ్ళందరూ గోడకి అంటించుకోవాలి. గుమాస్తా తరహా తప్పుల్ని దిద్దుకోవడం వ్యాపారం చేసుకునే హక్కులో భాగమే, సాఫ్ట్‌వేరు ఒప్పుకోవడం లేదనేది సాకు కాదు, సాఫ్ట్‌వేరుని మార్చుకోవచ్చు కదా అని. అయితే ఆ తర్వాత సుప్రీంకోర్టులోనే ఇంకో ధర్మాసనం ఆ దృక్పథం మీద సందేహం వెలిబుచ్చింది. కాబట్టి దీన్ని నమ్ముకుని గడువు దాటనివ్వకండి. సి.ఎస్.పురం కొట్టువాడు 26,640 కోసం హైకోర్టుకి వెళ్ళడు, వకీలు ఫీజు కూడా రాదు. 2022 డిసెంబరులో కేంద్ర పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది, తప్పు నంబరు పడ్డ కేసుల్లో అమ్మినవాడి దగ్గర ధ్రువపత్రం తెస్తే ఇన్‌పుట్ ఒప్పుకొమ్మని. కానీ అది 2017-18, 2018-19 లకి మాత్రమే. తర్వాత ఇంకో సర్క్యులర్‌తో 2021 డిసెంబరు దాకా పొడిగించారు. 2022 నుంచి GSTR-2B లో ఉంటేనే అనే షరతు వచ్చింది గనక ఆ దారి మూసుకుపోయింది. తప్పు చేసేది అమ్మినవాడు, దిద్దే తాళంచెవి అమ్మినవాడి దగ్గర, నష్టం కొన్నవాడికి. ఇది నాకు మింగుడుపడదు.

మింగుడుపడనిది ఇంకోటుంది, అది మన వృత్తికి సంబంధించింది. రెండు కొట్ల పేర్లు ఒకేలా ఉంటాయని ఆ బిల్లింగు సాఫ్ట్‌వేరు రాసినవాడికి తెలీదా? పేరు పక్కన ఊరు చూపిస్తే, నంబరులో ఆఖరి నాలుగక్షరాలు చూపిస్తే, గుమాస్తా వేలు ఒక్క క్షణం ఆగేది. ముందు రోజు వరకూ ఎప్పుడూ కొనని పార్టీకి లక్షన్నర బిల్లు పడుతుంటే ఒక పసుపు గీత గీయొచ్చు. ధర పోయినసారి కన్నా పదిహేడు శాతం ఎక్కువుంటే ఒక ప్రశ్న అడగొచ్చు. ఇవి రాయడానికి పెద్ద టీము అక్కర్లేదు, ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలు. నా మట్టుకు నేను, మా ప్రొడక్టులో కస్టమరుని ఎంచుకునే డబ్బా తెరిచి చూశాను. అక్కడా పేరొక్కటే ఉంది. మూడేళ్ళ కింద అది రాసింది నేనే.

బావ ఇప్పుడు లారీ రాగానే పైపులు లెక్కపెట్టే ముందు బిల్లు ఫోటో తీసి నాకు పంపుతున్నాడు. నంబరు చూసి చెప్పమంటాడు. పదిహేను అక్షరాలు నువ్వే చదువుకోలేవా బావా అంటే, "నువ్వు ఎట్టాగూ కంప్యూటరు ముందే కూచుంటావు కదరా" అంటాడు.